‘స్ట్రైక్’ అనే ఒక్క మాట, ఐదు రాతలు: తెలుగు ఏ రకం లిపి?

ప్రశ్న: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వాళ్ల పుస్తకంలో తెలుగును ‘సిలబిక్ స్క్రిప్ట్’ అని రాశారు, ఇంటర్నెట్‌లో చూస్తే ‘అబుగిడ’ అని ఉంది, ఇంట్లో మేమేమో ‘తెలుగు ఆల్ఫాబెట్’ అంటాం. జపనీస్ కానా లిపి కూడా సిలబుళ్లదే అంటారు కదా, మరి మనదానికీ దానికీ తేడా ఏమిటి? చైనీస్‌ది మాత్రం బొమ్మల లిపేనా?

సమాధానం:

ఈ గందరగోళానికి సగం కారణం మన ‘అక్షరం’ అన్న మాటలోనే ఉందండి. ‘అ’ ఒక అక్షరం, ‘క’ ఒక అక్షరం, ‘స్త్రీ’ కూడా ఒక అక్షరమే అంటాం. ఇంగ్లీషు ‘బి’ని కూడా అక్షరమే అంటాం. కాగితం మీద కనిపించే ముద్దకూ, నోట ఒక్క ఊపులో పలికే ధ్వనికీ, ఒంటరి హల్లుకూ ఒకే పేరు పెట్టుకున్నాక, లిపి ఏ ధ్వనిని ఏ గుర్తుతో పట్టుకుంటుందో విడదీసి చెప్పడం కష్టమవుతుంది. అందుకని ఇక్కడ రాతలో కనిపించేదాన్ని ‘అక్షరం’ అనీ, ఒక్క ఊపులో పలికేదాన్ని ‘సిలబుల్’ అనీ, అచ్చు గానీ హల్లు గానీ విడిగా ఒక ధ్వనిని ‘వర్ణం’ అనీ అంటాను.

లిపి రకాన్ని గుర్తించడానికి నేను తరగతిలో మొదట చేయించే పరీక్ష చాలా చిన్నది. క, కి, కు అనే మూడింటినీ ఆ లిపిలో రాయించి, మూడింటిలో ఏది మారిందో, ఏది నిలిచిందో చూడాలి. ఇంగ్లీషు లిపిలో హల్లుకు ఒక గుర్తు, అచ్చుకు ఒక గుర్తు వస్తాయి. రెండూ సమాన హోదాలో పక్కపక్కనే నిలబడతాయి. ఇది ఆల్ఫాబెట్, మన మాటలో వర్ణలిపి అనవచ్చు. జపనీస్ కానాలో క, కి, కు మూడు వేర్వేరు గుర్తులు. వాటిలో ఎక్కడా ఉమ్మడిగా ‘క్’ అనే ముక్క దొరకదు, ఉమ్మడి అచ్చు ముక్కా దొరకదు. ‘కి’ గుర్తు తెలిసినవాడికి ‘మి’ గుర్తు ఎలా ఉంటుందో ఊహించే వీలే లేదు. ఇది సిలబరీ. తెలుగులో మూడింటిలోనూ ‘క’ శరీరం నిలిచే ఉంటుంది, గుడి వచ్చిందా కొమ్ము వచ్చిందా అన్నదే తేడా. ఆ గుడి, ఆ కొమ్ము ‘మ’కు తగిలించినా అదే పని చేస్తాయి. అంటే మన అక్షరం విడదీయరాని ముద్ద కాదు, భాగాలున్న కూర్పు. కానీ ఆ భాగాలకు సమాన హోదా లేదు. హల్లు ఇల్లు, అచ్చు దానికి తగిలించిన గుర్తు. ఇదే అబుగిడ. దీన్ని ‘గుణింత లిపి’ అంటే మనవాళ్లకు వెంటనే అర్థమవుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే గుణింతం చెప్పగలిగిన లిపి కావడమే దాని లక్షణం.

అబుగిడ అన్న పేరు కూడా గుణింతం లాంటిదే. ఇథియోపియా లిపిని ఒక సంప్రదాయ క్రమంలో చదివితే మొదటి నాలుగు అక్షరాలు అ, బు, గి, ద అని వస్తాయి. అచ్చు మారుతూ, హల్లు మారుతూ సాగే ఆ వరుసను తీసుకుని 1990లో పీటర్ డేనియల్స్ అనే పండితుడు ఈ లిపుల కోవకు పేరు పెట్టాడు. అంతకుముందు వీటిని కొందరు సిలబరీల్లో, కొందరు ఆల్ఫాబెట్లలో కలిపేసేవారు. మీ అమ్మాయి పుస్తకంలో ఉన్న ‘సిలబిక్’ అన్న మాట ఆ పాత పద్ధతిదే. అది పూర్తిగా తప్పని అనను గానీ, కానాకూ తెలుగుకూ మధ్య ఉన్న అసలు తేడాను అది కప్పేస్తుంది.

ఇక తేడాలన్నీ ఒకేచోట కనబడేలా, ఏ భాషవాళ్లకైనా కాస్త ఇబ్బంది పెట్టే మాటను తీసుకుందాం. ‘స్ట్రైక్’. కార్మికులు చేసే స్ట్రైక్. ఇంగ్లీషువాళ్ల నోట ఇది ఒక్కటే సిలబుల్: ముందు మూడు హల్లులు వరుసగా, తరువాత ‘ఐ’, చివర ఒక హల్లు. మొత్తం ఐదు వర్ణాలు.

ఇంగ్లీషులో రాస్తే strike. ఐదు వర్ణాలకు ఆరు అక్షరాలు. మొదటి మూడు నిజాయితీగా వరుసలో ఉన్నాయి. ‘ఐ’ దగ్గరికి వచ్చేసరికి i ఒక్కటే కనిపిస్తుంది, కానీ అది ‘ఇ’ కాదు ‘ఐ’ అని చెప్పేది మాట చివర మౌనంగా కూర్చున్న e. తనకంటూ ధ్వని లేదు, మధ్యలో k ని దాటి వెనక్కి i మీద పనిచేస్తోంది. ఆల్ఫాబెట్ అంటే ఒక ధ్వనికి ఒక గుర్తు అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఫిన్నిష్ లాంటి భాషల్లో అది దాదాపు నిజం. ఇంగ్లీషులో మాత్రం శతాబ్దాలుగా పలుకుబడి మారిపోయి, రాత అక్కడే ఆగిపోవడం వల్ల, ఒక గుర్తు విలువ పక్క గుర్తులను చూస్తే గానీ తేలదు. కాబట్టి ‘ఆల్ఫాబెట్’ అనేది గుర్తుల హోదాను చెప్పే మాట, ఆ భాషలో స్పెల్లింగ్ సులువో కష్టమో చెప్పే మాట కాదు.

తెలుగులో రాస్తే ‘స్ట్రైక్’. కంటికి రెండే ముద్దలు: స్ట్రై, క్. మొదటి ముద్దను నిదానంగా చూడండి. స, దాని కింద ట వత్తు, ర కోసం క్రావడి, పైన ఐత్వం. ‘ఐ’ అనే ధ్వని పలికేది ర తరువాత. కానీ ఐత్వం పైభాగం ఎక్కింది స మీద. అంటే నోట నాలుగో స్థానంలో వచ్చే ధ్వనిని మన కన్ను మొదటి అక్షరం నెత్తిమీద చూస్తుంది. మనం చిన్నప్పటి నుంచీ చదువుతున్నాం కాబట్టి ఇందులో వింతేమీ కనిపించదు. ఆల్ఫాబెట్‌లో గుర్తుల వరుస, ధ్వనుల వరుస ఒక్కటే. గుణింత లిపిలో వరుస అక్షరం నుంచి అక్షరానికే వర్తిస్తుంది, అక్షరం లోపల పైన, కింద, పక్కన ఎక్కడ చోటుంటే అక్కడ గుర్తు కూర్చుంటుంది. పాత పుస్తకాల్లో ‘ధర్మము’ను ‘ధమ౯ము’ అని అచ్చువేసిన వలపలగిలక పద్ధతి మీ తాతగారి తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అక్కడ ముందు పలికే ర్ గుర్తును ‘మ’ రాసేశాక దాని కుడిపక్కన పెట్టేవారు.

కంప్యూటర్ దీన్ని ఎలా దాచుకుంటుందో చూస్తే లోపలి నిర్మాణం బయటపడుతుంది:

```
>>> list("స్ట్రైక్")
['స', '్', 'ట', '్', 'ర', 'ై', 'క', '్']
>>> len("స్ట్రైక్")
8
```

కంటికి రెండు ముద్దలు, లోపల ఎనిమిది గుర్తులు, నోటికి ఐదు వర్ణాలు. ఈ మూడు లెక్కలూ వేరువేరు కావడమే గుణింత లిపి స్వభావం. కంప్యూటర్లలో అక్షరాలకు సంకేతాలిచ్చే యూనికోడ్ పద్ధతి తెలుగును ధ్వని వరుసలో దాచుకుని, తెరమీద చూపేటప్పుడు ముద్దగా పేరుస్తుంది. అందుకే ఫాంటు సరిగా లేని చోట వత్తులు విడిపోయి, మధ్యలో పొల్లులు కనిపిస్తాయి. అవి ముద్ద పేర్చడానికి ముందున్న ముక్కలు.

ఆ ఎనిమిదిలో మూడు పొల్లులు ఉన్నాయి, గమనించారా? ఆ మూడూ ధ్వనులు కావు. ఒక ధ్వనిని తీసేయమని చెప్పే ఆజ్ఞలు. ‘స’ అనగానే అందులో ‘అ’ ఉన్నట్టే లెక్క. ఆ ‘అ’ వద్దంటే చెప్పి మరీ తీసేయాలి. ఏమీ రాయకపోతే ఒక అచ్చు ఉన్నట్టు, అచ్చు లేకపోతే ఒక గుర్తు రాయాల్సి రావడం: ఈ తలకిందుల లెక్క ఆల్ఫాబెట్‌లోనూ లేదు, సిలబరీలోనూ లేదు. దీన్నే సహజాచ్చు అనవచ్చు.

ఇక్కడ తెలుగు గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్లలేను. దేవనాగరిలో ‘అ’కు నిజంగానే ప్రత్యేకమైన గుర్తు ఏదీ లేదు. మనకు తలకట్టు ఉంది! ‘క’కు తలకట్టు ఉంటుంది. గుడి వచ్చినా, ఎత్వం వచ్చినా, పొల్లు వచ్చినా ఆ తలకట్టు పోయి దాని స్థానంలో అవి కూర్చుంటాయి. అలా చూస్తే తలకట్టే ‘అ’ గుర్తు, తెలుగులో సహజాచ్చు అనేదే లేదు అని వాదించవచ్చు, వాదించినవాళ్లూ ఉన్నారు. కానీ ఆ వాదం పూర్తిగా నిలవదని నేననుకుంటాను. ‘కు’ రాసేటప్పుడు కొమ్ము పక్కన తలకట్టు అలాగే ఉండిపోతుంది, అక్కడ ‘అ’ పలకదు. జ, ట, ణ, బ, ల వంటి వాటికి తలకట్టే లేదు, అయినా ‘అ’తోనే పలుకుతాం. కాబట్టి తలకట్టు ఉండటానికీ ‘అ’ పలకడానికీ సంబంధం తరచుగా ఉంటుంది గానీ ఎప్పుడూ ఉండదు. యూనికోడ్ కూడా తలకట్టుకు విడిగా సంకేతం ఇవ్వలేదు.

అదే ‘స్ట్రైక్’ను జపాన్‌వాళ్లు కానాలో సు-తొ-ర-ఇ-కి అని రాస్తారు. ఐదు గుర్తులు. ఒక్క సిలబుల్ ఐదు ముక్కలైంది. కారణం తెలిసిందే: కానాలో ‘స్’కు గుర్తు లేదు, ఉన్నది స, షి, సు, సె, సొ. హల్లును ఒంటరిగా నిలబెట్టే పొల్లు లాంటి ఉపాయం లేదు, మాట మధ్యలో, చివర వచ్చే ఒక్క ‘న్’కు మాత్రమే సొంత గుర్తుంది. అందుకని ప్రతి హల్లుకూ ఒక అచ్చును అరువిచ్చి నిలబెట్టాలి. మామూలుగా ‘ఉ’ ఇస్తారు, సు అలా వచ్చిందే. మరి ‘ట్’ దగ్గర ‘తొ’ ఎందుకు వచ్చింది? ఆ వరుసలో ‘ఉ’తో ఉన్న గుర్తు ‘త్సు’ అని పలుకుతుంది, దాన్ని వాడితే మాట గుర్తుపట్టలేం, అందుకని ‘ఒ’ ఇచ్చారు. చివరి ‘కి’ ఇంకా ఆసక్తికరం. పాతకాలంలో వచ్చిన అరువు మాటల్లో చివరి ‘క్’కు ‘ఇ’ చేర్చే అలవాటు ఉండేది, తరువాత ‘ఉ’ చేర్చడం స్థిరపడింది. దాని ఫలితంగా ఇవాళ జపనీస్‌లో సుతొరఇకి అంటే కార్మికుల సమ్మె, సుతొరఇకు అంటే బేస్‌బాల్ ఆటలో స్ట్రైక్. ఇంగ్లీషులో ఒక్కటే మాట, చివర అరువిచ్చిన అచ్చు తేడాతో అక్కడ రెండు మాటలైంది.

నిజానికి కానా గుర్తు పట్టుకునేది సిలబుల్‌ను కూడా కాదు, మాత్రను. మన ఛందస్సులో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అన్నట్టే అక్కడా లెక్క. ‘నిప్పొన్’ అనే ఆ దేశం పేరు రెండు సిలబుళ్లే, కానీ కానాలో నాలుగు గుర్తులు: ని, తరువాతి హల్లును ఒత్తి పలకమనే చిన్న త్సు, పొ, న్. మాత్రల లెక్క తెలిసిన తెలుగువాడికి ఇది ఇంగ్లీషువాడికంటే త్వరగా అర్థమవుతుంది. ఇంకో చిన్న సంగతి: కానాలో ‘క’ పక్కన రెండు చుక్కలు పెడితే ‘గ’, ‘స’కు పెడితే ‘జ’కు దగ్గరి ధ్వని, ‘త’కు పెడితే ‘ద’ అవుతాయి. అంటే శుద్ధమైన సిలబరీ అనుకునే దానిలో కూడా ఒక మూల భాగాల లెక్క ఉంది.

అచ్చులు చేరడం లిపి చేసిన పనేనా, భాష చేసిన పనా? ఈ ప్రశ్నకు కొరియా లిపి సమాధానం చెబుతుంది. హాంగుల్‌ను సేజోంగ్ రాజు 1446లో ప్రకటించాడు. దూరం నుంచి చూస్తే చైనీస్ అక్షరాల్లా చతురస్రపు ముద్దలు కనిపిస్తాయి గానీ, ప్రతి ముద్దలోనూ హల్లుకొక గుర్తు, అచ్చుకొక గుర్తు స్పష్టంగా ఉంటాయి. సహజాచ్చు లేదు. హల్లు లేకుండా అచ్చుతో మొదలైతే ఆ స్థానంలో ఒక సున్న పెడతారు. కాబట్టి ఇది ఆల్ఫాబెట్టే, కాకపోతే అక్షరాలను వరుసగా కాక ముద్దలుగా పేరుస్తుంది. ఇప్పటి కొరియన్‌లో ఒక ముద్ద మొదట్లో 19 హల్లుల్లో ఒకటి, మధ్యలో 21 అచ్చుల్లో ఒకటి, చివర 27 రకాల ముగింపుల్లో ఒకటి లేదా ఏమీ లేకపోవడం, అంటే 28 అవకాశాలు. గుణిస్తే 11,172 ముద్దలు, యూనికోడ్‌లో వాటికి సరిగ్గా అన్ని సంకేతాలే ఉన్నాయి. పిల్లలు మాత్రం అన్నీ నేర్చుకోరు, ముక్కలే నేర్చుకుంటారు. మరి హల్లుకు విడి గుర్తున్న ఈ లిపిలో స్ట్రైక్ ఎలా ఉంటుంది? సు-తు-రా-ఇ-కు అన్నట్టుగా, మళ్లీ ఐదు ముద్దలే! ఎందుకంటే కొరియన్ భాష సిలబుల్ మొదట్లో మూడు హల్లులను ఒప్పుకోదు. అంటే జపాన్‌లో కూడా నేరమంతా లిపిది కాదు. మన పల్లెల్లో ‘స్కూలు’ ఇస్కూలు కావడం, ‘స్టేషన్’ టేసను కావడం కూడా నాలుక పనే, అయితే మన లిపి మాత్రం ‘స్ట్రై’ను రాసిపెట్టగలదు.

దీనికి సరిగ్గా ఎదురు పరిస్థితి గ్రీసులో వచ్చింది. భాష నిండా హల్లుల గుంపులు, చేతిలో ఉన్నది మాత్రం సిలబరీ. ఆల్ఫాబెట్ రాకముందు, ఇప్పటికి మూడువేల ఏళ్లకు పైబడిన కాలంలో, గ్రీకు రాజభవనాల లెక్కల గుమాస్తాలు మట్టి పలకల మీద లీనియర్ బి అనే లిపిలో రాశారు. క, కె, కి, కొ లాంటి గుర్తులే ఉన్నాయి, పొల్లు లేదు. వాళ్లు రెండు రకాలుగా సర్దుకున్నారు. ఒకటి, జపాన్ పద్ధతి: క్నోసోస్ అనే నగరం పేరును కొ-నొ-సొ అని, తరువాతి అచ్చును ముందు హల్లుకు కూడా అరువిచ్చి రాయడం. రెండు, కొన్ని హల్లులను రాయకుండా వదిలేయడం: ‘ఖల్కోస్’ అంటే కంచు, దాన్ని క-కొ అని రాశారు, ‘స్పెర్మ’ అంటే విత్తనం, దాన్ని పె-మ అని రాశారు. చదివేవాడు మాట ముందే తెలిసినవాడు కాబట్టి గొర్రెల లెక్కకూ గింజల లెక్కకూ ఇది సరిపోయింది. కానీ మూడువేల ఏళ్ల తరువాత చదవబోయినవారికి క-కొ అనేది ఏ మాటైనా కావచ్చు. 1952లో మైకెల్ వెంట్రిస్ దీన్ని చదవగలిగినప్పుడు చాలామంది నమ్మడానికి వెనుకాడిన కారణాల్లో ఇదొకటి.

వెంట్రిస్‌కు దారి చూపిన ఆధారాలు మన చర్చకు నేరుగా పనికొస్తాయి. మొదటిది గుర్తుల సంఖ్య. తెలియని లిపిలో వేర్వేరు గుర్తులు ఇరవై ముప్పై ఉంటే ఆల్ఫాబెట్ అయ్యే అవకాశం ఎక్కువ, డెబ్బై నుంచి వంద దాకా ఉంటే సిలబరీ, వందలూ వేలూ ఉంటే పదాలను పట్టే లిపి. లీనియర్ బిలో ధ్వని గుర్తులు దాదాపు తొంభై. రెండోది, ఆలిస్ కోబర్ అనే ఆవిడ అంతకుముందే గమనించిన సంగతి. ఒకే మాటకు విభక్తి మారినప్పుడు చివరి గుర్తులతో పాటు దాని ముందు గుర్తు కూడా మారిపోతోంది. మాట చివరి హల్లు, దానికి చేరిన ప్రత్యయం మొదటి అచ్చు కలిసి ఒకే గుర్తులో ఇమిడిపోవడం వల్లే అలా జరుగుతుంది. కాబట్టి ఆ రెండు వేర్వేరు గుర్తులకూ హల్లు ఒకటే అయి ఉండాలి. అక్షరాలను చూసి ‘ఇవి రెండూ క వరుసవే’ అని చెప్పే వీలు సిలబరీలో లేదు కాబట్టే అంత శ్రమ పడాల్సివచ్చింది. అదే తెలుగు శాసనం అయితే, చదవడం రాకపోయినా, గుడి ఉన్న అక్షరాలన్నీ ఒక జట్టు అని కన్నే చెబుతుంది.

ఇప్పుడు మీ ప్రశ్నలో మిగిలిన ముడి: తెలుగు అక్షరం సిలబుల్‌కు సమానమా? ‘అమ్మ’ తీసుకోండి. నోట పలికితే అమ్-మ. పెదవులు మూసుకున్నచోట మొదటి సిలబుల్ ముగుస్తుంది. రాతలో మాత్రం అ-మ్మ. కొరియన్‌లో అమ్మను దాదాపు ‘ఒమ్మా’ అంటారు, దాన్ని ఒమ్-మా అని, నోట విరిగినచోటే విరిచి రెండు ముద్దలుగా రాస్తారు. ‘పుస్తకం’ నోట పుస్-త-కం, రాతలో పు-స్త-కం. మన లిపి ఎప్పుడూ అచ్చు దగ్గరే తెగుతుంది. ఒక అచ్చు తరువాత వచ్చే హల్లులన్నీ, ఎన్ని ఉన్నా, తరువాతి అచ్చుతో కలిసి ఒక ముద్ద అవుతాయి. కాబట్టి తెలుగు అక్షరాన్ని సిలబుల్ అనడం సరికాదు, చాలాచోట్ల రెండూ కలుస్తాయి, ద్విత్వం, సంయుక్తం వచ్చినచోట విడిపోతాయి.

మన ఛందస్సు రాసినవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. సంయుక్తాక్షరానికీ ద్విత్వాక్షరానికీ ముందున్న అక్షరం గురువు అవుతుందని బడిలో చెబుతారు, ఎందుకో చెప్పరు. ‘అమ్మ’లో ‘అ’ హ్రస్వమే, అయినా గురువు. కారణం ఏమిటంటే, రాతలో రెండో అక్షరంలో చేరిపోయిన మొదటి ‘మ్’ నోట మాత్రం ‘అ’తోనే పలుకుతుంది, ఆ సిలబుల్ అమ్ అయి బరువెక్కుతుంది. అంటే ఆ సూత్రం, రాత ఒకచోట కోసిన మాటను నోరు కోసినచోటికి మళ్లీ తెచ్చే సవరణ. తెలుగు లిపి సిలబరీయే అయితే ఆ సూత్రమే అక్కర్లేకపోయేది. మీ అమ్మాయికి ఎవరైనా రుజువు అడిగితే నేను మొదట ఇచ్చేది ఇదే.

గుణింత లిపుల్లోనూ అన్నీ ఒకలా ఉండవు. తెలుగులో రాసిన ‘అ’ను మనం పలుకుతాం. హిందీలో ‘కమల’ అని మూడక్షరాలు రాసి ‘కమల్’ అంటారు, చివర దీర్ఘంతో ‘కమలా’ అని రాసినదాన్ని ‘కమ్లా’ అంటారు. రాతలో ఉన్న సహజాచ్చు ఎక్కడ పలకాలో ఎక్కడ మింగాలో చదివేవాడికి తెలిసి ఉండాలి, గుర్తు ఏమీ చెప్పదు. ఇథియోపియా లిపిలో ఇంకో రకం చిక్కు. అక్కడ 26 హల్లులకు ఏడేసి రూపాలు, మన గుణింతంలాగే. కానీ పొల్లు లేదు. ఆరో రూపం ఒక పొట్టి అచ్చునూ సూచిస్తుంది, అసలు అచ్చు లేకపోవడాన్నీ సూచిస్తుంది. పొల్లు ఉండటం ఎంత సౌకర్యమో అది లేనిచోట చూస్తే తెలుస్తుంది.

చివరగా చైనీస్. బొమ్మల లిపి కాదండి, ఇది చాలామందిలో ఉన్న అపోహ. మన స్ట్రైక్‌ను వాళ్లు ధ్వనితో రాయరు, ‘బాగోంగ్’ అంటారు: బా అంటే ఆపడం, గోంగ్ అంటే పని. రెండు అక్షరాలు, ప్రతిదీ ఒక సిలబుల్, ప్రతిదానికీ ఒక అర్థం. అక్షరం పట్టుకునేది విడి ధ్వనిని కాదు, అర్థమున్న అతిచిన్న మాట ముక్కను. అందుకే ‘తా’ అనే ఒకే ఉచ్చారణకు అతడు, ఆమె, అది అనే అర్థాల్లో మూడు వేర్వేరు అక్షరాలున్నాయి. చెవికి తేడా లేదు, కంటికే తేడా. తెలుగులో తాగే పాలకూ వాటా పాలకూ ‘పాలు’ అని ఒకే రాత ఉంటుంది కదా, దానికి ఇది ఎదురు.

అయితే ధ్వని అందులో లేదనుకుంటే పొరపాటు. ఆ గోంగ్ అక్షరాన్నే తీసుకోండి. అది ఒకప్పుడు పనిముట్టు బొమ్మ నుంచి వచ్చిందని చెబుతారు. కానీ దానికి నీటి గుర్తు చేరిస్తే ‘జియాంగ్’, అంటే నది. దారం గుర్తు చేరిస్తే ‘హోంగ్’, ఎరుపు. గుహ గుర్తు చేరిస్తే ‘కోంగ్’, ఖాళీ. ఈ మూడింటిలో పనికి సంబంధించిన అర్థం ఏమీ లేదు. గోంగ్ అక్కడ ఉన్నది ‘ఈ మాట దాదాపు ఇలా పలుకుతుంది’ అని చెప్పడానికి, పక్కన చేరినది ‘ఇది నీటికి సంబంధించింది’, ‘ఇది దారానికో రంగుకో సంబంధించింది’ అని చెప్పడానికి. చైనీస్ అక్షరాల్లో నూటికి ఎనభైకి పైగా ఇలాంటి జంట కూర్పులే. ఆ అక్షరాలు ఏర్పడినప్పుడు ఈ ఉచ్చారణలు ఒకదానికొకటి దగ్గరగా ఉండేవి. రెండువేల ఏళ్లలో జియాంగ్ దూరం జరిగిపోయింది, రాత మారలేదు. ఇంగ్లీషు స్పెల్లింగ్‌కు పట్టిన గతే వీటికీ పట్టింది, కాకపోతే ఇక్కడ కాలం ఇంకా ఎక్కువ.

ఇలాంటి గుర్తులు చదవడం మనకు కొత్త అనుకోకండి. ‘7’ అని రాస్తే తెలుగువాడు ఏడు అంటాడు, హిందీవాడు సాత్ అంటాడు, జపాన్‌వాడు నన అంటాడు. ఆ గుర్తులో ఏ ధ్వనీ లేదు, మాట మొత్తం ఉంది. ‘7వ తరగతి’ అని మీ అమ్మాయి నోటుపుస్తకం అట్టమీద నిరుడు రాసుకున్నప్పుడు, ఒకే వరుసలో మాటను పట్టే గుర్తు ఒకటి, దాని వెనుక గుణింత లిపి, రెండూ ఉన్నాయి.